మొహం చూసి బేరం

దక్షిణాఫ్రికాలో చిన్న చిన్న అప్పులిచ్చే ఒక సంస్థ తన పాత ఖాతాదారులకు ఉత్తరాలు పంపింది. 50 వేల మందికి పైగా అందిన ఆ ఉత్తరాల్లో విషయం ఒక్కటే: మీకు మళ్లీ అప్పిస్తాం, రండి. కానీ ఉత్తరాలన్నీ ఒకేలా లేవు. ఎవరికి ఏ ఉత్తరం వెళ్లాలో కొందరు ఆర్థికవేత్తలు లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కొందరికి నెలకు నూటికి మూడుంపావు వడ్డీ అని రాశారు, కొందరికి పదకొండు దాటించారు. కొన్ని ఉత్తరాల్లో ఓ మూల నవ్వుతున్న స్త్రీ ఫొటో ఉంది, కొన్నింట్లో పురుషుడి ఫొటో ఉంది, కొన్నింట్లో ఏ ఫొటో లేదు. ఎంతమంది వచ్చి అప్పు తీసుకుంటారో లెక్క చూడడమే వాళ్ల ఉద్దేశం.

వడ్డీ తక్కువ రాసిన ఉత్తరాలకు ఎక్కువమంది వచ్చారు. అందులో వింతేమీ లేదు. అందమైన స్త్రీ ఫొటో ఉన్న ఉత్తరాలు కూడా అంత పనీ చేశాయి. వడ్డీని పావు వంతు తగ్గిస్తే ఎంతమంది అదనంగా వస్తారో, ఆ ఫొటో దాదాపు అంతమందిని రప్పించింది. తమిళనాడులో పుట్టిన సెంథిల్ ముల్లైనాథన్, మేరియాన్ బెర్‌ట్రాండ్, డీన్ కార్లన్ తదితరులు 2010లో ఈ ఫలితాలు అచ్చువేశారు. ఉత్తరంలోని ఒక్కో అంశం బలాన్ని విడిగా తేల్చడానికి తమ లెక్క చాలదని వాళ్లే హెచ్చరించారు కాబట్టి ఆ పావు వంతుని తూచి చెప్పిన మాటగా తీసుకోకూడదు. అయినా ఒక్కటి గమనించండి. ఫొటోలోని మనిషి ఖాతాదారుతో మాట్లాడలేదు, కుర్చీ చూపించలేదు, టీ ఇప్పించలేదు. కాగితం మీద ఒక మొహం ఉందంతే. అప్పు తీసుకున్నది కూడా వడ్డీ కట్టడం కొత్త కాని వాళ్లు, అదే సంస్థ దగ్గర ఇంతకుముందు అప్పు చేసి తీర్చినవాళ్లు.

కాగితం మీది మొహమే ఇంత చేస్తే గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎంత చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి వచ్చింది. అక్కడ ఒక విశ్వవిద్యాలయంలోని పరిశోధన కేంద్రానికి చందాలు పోగుచేయడానికి విద్యార్థులు దాదాపు 5,000 ఇళ్ల తలుపులు తట్టారు. కొన్నిచోట్ల ఊరికే చందా అడిగారు. కొన్నిచోట్ల, ఇచ్చినవాళ్ల పేర్లు లాటరీలో వేసి బహుమతి ఇస్తామన్నారు. చందా అడిగిన విద్యార్థుల ఫొటోలకు వాళ్లెవరో తెలియని వేరేవాళ్లు అందానికి మార్కులు వేశారు. 2006లో అచ్చయిన ఫలితం ఇది: లాటరీ ఆశ చూపిస్తే చందా ఎంత పెరిగిందో, అడిగిన అమ్మాయి మార్కులు ఓ మోస్తరు పెరిగినా దాదాపు అంతే పెరిగింది. ముఖ్యంగా మగవాళ్లు తలుపు తీసిన ఇళ్లలో.

ఆ పరిశోధకులు అక్కడితో ఆగలేదు. తర్వాత మళ్లీ ఆ ఇళ్లకు వెళ్లారు. మొదటిసారి లాటరీ పద్ధతి చూసి ఇచ్చినవాళ్లు రెండోసారి కూడా ఇచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. అడిగిన మనిషి అందానికి పడి ఇచ్చినవాళ్లు అంతగా నిలబడలేదు. నా మట్టుకు మొదటి ఫలితం కన్నా ఇదే విలువైంది. అందం తలుపు తీయిస్తుంది గానీ తీసిన తలుపును తెరిచి ఉంచలేదు.

ఇలాంటిదే మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌ల విషయంలోనూ బయటపడింది. మన ఊళ్లలో డాక్టరు గది బయట బ్యాగు పట్టుకుని, టై కట్టుకుని ఓపిగ్గా కూర్చునేవాళ్లు మనందరికీ పరిచయమే. అమెరికాలో మైకేల్ అహెర్న్, మరిద్దరు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చూపులకు బాగుండే రిప్రజెంటేటివ్‌ల అమ్మకాలు మెరుగ్గానే ఉన్నాయి. కానీ డాక్టరుకూ ఆ మనిషికీ పరిచయం పాతబడే కొద్దీ అందం వల్ల వచ్చే లాభం తగ్గుతూ పోయింది. ఏళ్ల తరబడి వచ్చే మనిషిని డాక్టరు మొహం చూసి అంచనా వేయడు. చెప్పిన మాట నిజమైందా, అడిగిన కాగితం తెచ్చాడా అన్నదే చూస్తాడు.

అంటే, అందం బలమంతా కొత్త పరిచయంలో ఉంది. ఎదుటి మనిషి గురించి మనకేమీ తెలియదు, కొనే వస్తువు గురించి అంతకన్నా తెలియదు. అప్పుడు మనసు దొరికిన ఆధారంతోనే లెక్క కడుతుంది. ఈ లెక్క ఎలా తప్పుతుందో అర్జెంటీనాలో చేసిన ఒక ప్రయోగం చూపించింది. మార్కస్ మోబియస్, తాన్యా రోజెన్‌బ్లాట్ కొందరు విద్యార్థులను కంప్యూటరు మీద పద్మవ్యూహం లాంటి దారుల చిక్కుముళ్లు విప్పమన్నారు. మరికొందరిని యజమానులుగా కూర్చోబెట్టి, ఎవరు ఎన్ని విప్పగలరో ఊహించి ఆ మేరకు జీతం కట్టమన్నారు. చిక్కుముళ్లు విప్పడంలో అందగాళ్లకీ మామూలు మొహాలకీ తేడా లేదు. జీతాల్లో తేడా వచ్చింది. అందులో కొంత భాగానికి కారణం, అందంగా ఉన్నవాళ్లకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువ, దాన్ని యజమానులు పసిగట్టారు. అయితే నమ్మకం సమానంగా ఉన్నచోట కూడా యజమానులు అందమైనవాళ్లకే ఎక్కువ సామర్థ్యం ఉందనుకున్నారు. ఫొటో చూడకుండా ఫోనులో మాట్లాడిన యజమానులు కూడా వాళ్లనే ఎక్కువ అంచనా వేశారు. చిన్నప్పటి నుంచి నలుగురూ ఆదరంగా చూసిన మనిషికి మాటతీరు కూడా అబ్బుతుంది కాబోలు.

దుకాణంలో జరిగేదీ ఇదే. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి అందంగా ఉందని ఎవరూ ఫ్రిజ్ కొనరు. ఆమెకు ఫ్రిజ్‌ల గురించి బాగా తెలుసనీ, అబద్ధం చెప్పదనీ అనుకుని కొంటారు. రూపం నేరుగా జేబులో చెయ్యి పెట్టదు. ముందు తెలివిగా, నిజాయితీగా వేషం మార్చుకుంటుంది.

టిప్పుల దగ్గర ఈ వేషం కూడా అక్కర్లేదు. భోజనం అయిపోయింది, బిల్లు వచ్చింది, ఎంత ఇవ్వాలన్నది మన ఇష్టం. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఇది రోజువారీ విషయం. టిప్పులు అందుకునే పనివాళ్లకు అక్కడి కేంద్ర చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తాయి, చాలాచోట్ల మిగతాది గిరాకీ దయ. వర్జీనియాలో ఐదు రెస్టారెంట్ల బయట, తిని వస్తున్నవాళ్లను అడిగి మ్యాట్ ప్యారెట్ అనే ఆర్థికవేత్త వివరాలు సేకరించాడు. అందమైనవాళ్లకూ కానివాళ్లకూ టిప్పుల్లో తేడా ఏడాదికి 1,261 డాలర్లని 2015లో లెక్క తేల్చాడు. ఆ తేడాకి ప్రధాన కారణం మగ గిరాకీలు అనుకుంటాం. కాదు. అందమైన ఆడవాళ్లకు ఎక్కువ, అంత బాగాలేని ఆడవాళ్లకు తక్కువ ఇచ్చిన ఆడ గిరాకీలు. "మావారు అలాంటివి చూసి పడిపోతారు గానీ నేను కాదు" అనుకునే గృహిణులు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

మరి టిప్పు బాగా వడ్డించినందుకు ఇచ్చే బహుమతి కాదా? కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ దశాబ్దాలుగా ఈ విషయమే చదువుతున్నాడు. వేర్వేరు అధ్యయనాలను కలిపి చూస్తే, టిప్పుల్లో తేడాలకు సేవ నాణ్యత కారణమైంది నూటికి రెండు పాళ్లు కూడా లేదు. బిల్లు ఎంతైందన్నదే అన్నిటికన్నా పెద్ద కారణం.

ఇక్కడో హెచ్చరిక చెప్పాలి. ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుంటే టిప్పు పెరుగుతుందని, ఫలానా రంగు జుట్టుకి ఫలానా లాభమని పత్రికల్లో తరచూ వచ్చే కబుర్లలో చాలా వాటికి మూలం నికొలా గెగెన్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు. ఆయన లెక్కల్లో అతకని అంకెలున్నాయని ఇద్దరు పరిశోధకులు వేలెత్తి చూపారు, ఆ తర్వాత ఆయన పత్రాలు కొన్నింటిని జర్నళ్లు ఉపసంహరించుకున్నాయి. ఈ రంగంలో నమ్మదగ్గ ఫలితం కన్నా చెప్పుకోవడానికి బాగుండే ఫలితం ముందు పరిగెత్తుతుంది.

ఇంకో ముఖ్యమైన మినహాయింపు ఉంది. సిగ్గుపడే వస్తువు కొనేటప్పుడు అందం ఎదురు తిరుగుతుంది. హాంకాంగ్‌లో లీసా వాన్, రాబర్ట్ వాయర్ 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురికీ తెలియకూడదనుకునే వస్తువుల దగ్గర అందమైన మనిషి నిలబడితే కొనుగోలుదార్లు తప్పుకున్నారు. మందుల షాపులో ఏదో అడగబోయి, కౌంటరులో ఎవరున్నారో చూసి "రెండు పారాసెట్మాల్" అనేసి వచ్చినవాళ్లకు ప్రయోగం అక్కర్లేదు.

ఇన్ని చెప్పినా, మనలో ఎవర్ని అడిగినా "నా విషయంలో అలా జరగదు" అంటారు. అబద్ధమాడుతున్నారని కాదు, నిజంగా తెలియదు. మిషిగన్‌లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ ఒక చవక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, ఏది మేలో చెప్పమన్నారు. నాలుగూ అచ్చం ఒక్కటే సరుకు. అయినా ఎడమ చివరి జతను నూటికి 12 మంది ఎంచుకుంటే కుడి చివరి జతను 40 మంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందన్నారు, పల్చగా ఉందన్నారు. కుడివైపు ఉంది కాబట్టి అని ఒక్కరూ అనలేదు. బల్ల మీద స్థానం వల్ల ఎంచుకున్నారేమో అని సూచిస్తే, అడిగినవాళ్లకే మతి చెడిందేమో అన్నట్టు చూశారట.

మేజోళ్ల స్థానంలో మనిషి మొహాన్ని పెట్టి చూడండి. అందుకే "నేను మొహం చూసి కొన్నానా?" అని మనల్ని మనం అడిగితే ఉపయోగం లేదు. మనసు వెంటనే నేత గురించి చెబుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: నేను చెబుతున్న కారణం నాకు ఎక్కడ దొరికింది? వస్తువు మీద రాసి ఉందా, బిల్లులో ఉందా, లేక ఆ మనిషి నోటి నుంచి మాత్రమే వచ్చిందా?

నగల దుకాణంలో ఒక బేరం పూర్తిగా వేసి చూద్దాం. లెక్క సులువుగా ఉండడానికి గ్రాము బంగారం 10,000 రూపాయలు అనుకుందాం. 24 గ్రాముల హారం కొనాలని వెళ్లారు. రాళ్లు లేవు. బంగారం విలువ 2,40,000. ట్రేలో రెండు హారాలున్నాయి, బరువు ఒకటే, పనితనం కూడా దాదాపు ఒకటే. ఒకదానికి తరుగు 11 శాతం, అంటే 26,400. రెండోదానికి 18 శాతం, అంటే 43,200. తేడా 16,800. దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపితే 17,304. తిరిగి అమ్మే రోజున ఆ సొమ్ములో పైసా రాదు, ఎందుకంటే తరుగుని ఎవరూ తిరిగి కొనరు.

ఇప్పుడు సేల్స్ గర్ల్ రెండో హారం తీసి తన మెడకు పెట్టుకుని, కాస్త పక్కకు తిరిగి అద్దంలో చూపించింది. చక్కగా చుట్టిన కొప్పు, షాపువాళ్లు ఇచ్చిన పట్టుచీర, పైన తెల్లటి దీపాలు. హారం వెలిగిపోయింది. మొదటి హారం ట్రేలోనే పడుకుని ఉంది. మీరు పోలుస్తున్నది రెండు హారాలనా? ఒక హారాన్నీ, ఒక హారం పెట్టుకున్న మనిషినీ. ఆమె మోసం చేయలేదు, తన పని తను చేసింది. షాపు ఏ నగ మీద ఇన్సెంటివ్ పెట్టిందో, ఫ్లోర్ మేనేజరు ఏ ట్రే ముందు తీయమన్నాడో ఆమె చేతిలో ఉండదు.

ఇక్కడ పనికొచ్చే పని చాలా చిన్నది. రెండు హారాలూ మీ మెడలోనే, లేదా ఎవరికోసం కొంటున్నారో వాళ్ల మెడలోనే చూడండి. తర్వాత రెండింటికీ ఎస్టిమేట్ చీటీలు రాయించుకోండి: నికర బరువు, తరుగు శాతం, రాళ్లుంటే వాటి బరువు, ధర విడివిడిగా. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివితే 17 వేల తేడా కనిపిస్తుంది. ఆ తేడా కట్టదగ్గదే అనిపిస్తే కట్టండి, మీ డబ్బు. కానీ చీటీ చదివాక కట్టడం వేరు.

మన చీరల షాపుల్లో మీసాల సేల్స్‌మన్ కుచ్చిళ్లు పట్టుకుని పైట తన భుజాన వేసుకుని చూపిస్తాడు కదా. అక్కడ మొహం పని చేయడానికి ఆస్కారమే లేదు, చీర అంచు, పోగు మాత్రమే మాట్లాడతాయి. ఒక రకంగా అది కొనేవాళ్లకు మంచి ఏర్పాటు.

ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో, సౌందర్య సాధనాల కౌంటర్లలో ఇంకో సంగతి తెలుసుకోవాలి. మీకు టీవీ చూపిస్తున్న కుర్రాడు చాలాసార్లు ఆ షాపు మనిషి కాడు. ఒక కంపెనీ తన సరుకు అమ్మడానికి పెట్టుకున్న ప్రమోటరు. "బాబూ, నువ్వు షాపు తరఫునా, కంపెనీ తరఫునా?" అని అడగడంలో తప్పు లేదు. చాలామంది నిజమే చెబుతారు. ఆ జవాబు తెలిశాక, అతని నవ్వు మారదు గానీ అతను చెప్పే పోలికల్ని మనం వినే తీరు మారుతుంది.

అందం వైపు మొగ్గడం ఎంత తెలియకుండా జరుగుతుందో, అందం లేనిచోటు నుంచి తప్పుకోవడం అంతకన్నా తెలియకుండా జరుగుతుంది. మూడు కౌంటర్లు ఖాళీగా ఉంటే మనం ఏ కౌంటరుకి నడిచాం? నల్లగా, నడివయసులో, అలసిపోయి నిలబడ్డ ఆవిడ దగ్గరకు ఎందుకు వెళ్లలేదు? ఇరవై ఏళ్లు ఆ షాపులోనే పనిచేసి, ఏ బట్ట రెండు ఉతుకులకు వెలిసిపోతుందో ఆవిడకే తెలిసి ఉండొచ్చు. అమ్మకాన్ని బట్టి ఇన్సెంటివ్ ఇచ్చే చోట మనం నడిచిన ఆ పది అడుగులు ఆవిడ నెల జీతంలో కనిపిస్తాయి. అమ్మకాలు తక్కువన్న పేరుతో యజమాని ఆవిణ్ని గోడౌనుకి పంపితే, అందులో మన వాటా కూడా ఉంది. ఉద్యోగ ప్రకటనల్లో "చూడ్డానికి బాగుండాలి" అన్న షరతు యజమాని ఒక్కడి బుర్రలో పుట్టలేదు. అమెరికాలో అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ అనే బట్టల కంపెనీ తనకు కావలసిన "లుక్" పేరుతో తెల్లవాళ్లను ముందు నిలబెట్టి మిగతావాళ్లను పక్కన పెట్టిందన్న దావాను 2004లో 4 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని పరిష్కరించుకుంది. మన దగ్గర రంగు చూసి కౌంటరు కేటాయించే చోట్ల అలాంటి దావా వేసేవాళ్లెవరు?

ఇన్సూరెన్స్ పాలసీల్లాంటి, చేత్తో పట్టుకుని చూడడానికి వీల్లేని సరుకు దగ్గర మొహానికి మరింత పని ఉంటుంది. బ్యాంకులో డిపాజిట్ వేయడానికి వెళ్లి, చక్కగా మాట్లాడే రిలేషన్‌షిప్ మేనేజరు మాట మీద పదేళ్ల పాలసీకి సంతకం పెట్టి వచ్చినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. పాలసీ పత్రం అందాక 30 రోజుల్లోపు, షరతులు నచ్చకపోతే తిప్పి పంపే హక్కు ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం మీకుంది. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. రక్షణ ఉన్న రోజులకు ప్రీమియం, వైద్య పరీక్షలు, స్టాంపు ఖర్చులు మినహాయించుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఆ నెల రోజుల్లో ఒక సాయంత్రం కూర్చుని, ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు, పాలసీ ఎందుకు తీసుకున్నారో ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి. "ఆయన చెప్పాడు" అన్న మాట లేకుండా చెప్పగలిగితే ఉంచుకోండి.

రెస్టారెంటులోనైతే టిప్పు ఎంత శాతమో కూర్చునే ముందే అనుకోండి. వడ్డించింది ఎవరైనా అంతే ఇవ్వండి, మరీ మంచి సేవ అయితే దేనికోసం పెంచుతున్నారో మీకు మీరు పేరు పెట్టి చెప్పుకోండి. నగ కొనడానికి వెళ్తే ఎస్టిమేట్ చీటీ తీసుకుని ఆ రోజుకి ఇంటికి వచ్చేయండి. రేపటికి రేటు పెరుగుతుందని తొందరపెడితే, కొంత అడ్వాన్సు కట్టించుకుని ఆ రోజు రేటు ఖాయం చేసే దుకాణాలు చాలా ఉన్నాయి, అది అడగండి. అడ్వాన్సు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. మర్నాడు వెళ్లినప్పుడు వేరే కౌంటరులో, వేరే మనిషి చేత అదే హారం తీయించి చూడండి.